తమ్మునికి ఉత్తరం: ఐఈఎల్‌టీఎస్ మొదటిసారి రైటింగ్‌ల ఎందుకు ఆగింది, రెండోసారికి ఏం మారింది

కాకతీయ_చదువరి

అందరికి నమస్తే. మా చిన్నాయన కొడుకు హన్మకొండల బీటెక్ ఆఖరి సంవత్సరం, యూకేల మాస్టర్స్‌కు అప్లై చేస్తున్నడు. మా అక్క ఈ ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష మొదటిసారి రాసినప్పుడు పని కాలేదు, రెండోసారి అయింది. ఎక్కడ తేడా వచ్చిందో తమ్మునికి ఉత్తరం రాసిన. అక్క చదివి సరే అన్నది. పంపే ముందు తెలిసినవాళ్లు ఒకసారి చూసి, తప్పులుంటే చెప్పండి. కోచింగ్ సెంటర్ పేర్లు మాత్రం అడగొద్దు.

తమ్మీ,

పరీక్ష డేట్ బుక్ చేసినవని చిన్నాయన చెప్పిండు. ముందుగాల నీ ఆఫర్ లెటర్ తీసి ఇంగ్లిష్ కండిషన్ ఉన్న లైన్ మళ్లీ చదువు. అక్కకు వచ్చిన లెటర్ల "మొత్తం 6.5, ఏ ఒక్కదాంట్ల 6కు తక్కువ కావద్దు" అని ఉండె. అందరు మొదటి సగమే చూస్తరు. అక్కకు మొదటిసారి లిసనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6 వచ్చినయి. నాలుగు కలిపితే 25, నాలుగుతో భాగిస్తే 6.25. పావు వచ్చినప్పుడు పై అరకు జరుపుతరు కాబట్టి ఓవరాల్ 6.5 అని వచ్చింది. ఇంట్ల అందరు సంబురపడ్డరు. కని రైటింగ్ 5.5 ఉన్నది కాబట్టి యూనివర్సిటీ ఒప్పుకోలే.

రైటింగ్ ఎందుకు 5.5 అయిందో రిజల్ట్ కాగితం మీద రాయరు. నువ్వు రాసిన ఎస్సే వెనక్కి ఇయ్యరు. అందుకని అక్క పరీక్షల ఎట్ల రాసిందో అట్లనే, అదే తరహా ప్రశ్నల మీద, గంట టైం పెట్టుకొని ఇంట్ల మళ్లీ రాసింది. ఆ కాగితాలను ఐఈఎల్‌టీఎస్ వాళ్లు బయట పెట్టిన, ఏ స్కోరుకు ఎట్ల రాయాలో చెప్పే బ్యాండ్ వివరాల పట్టిక పక్కన పెట్టి చూసినం. తప్పులు వరుసగ ఒక్కతీరుగనే కనబడ్డయి.

మొదటిది టాస్క్ 2, అంటే ఎస్సే. దానికి టాస్క్ 1 కంటే రెండింతల విలువ. అక్క అసలు ప్రశ్న ఇక్కడ రాయను, అదే తరహాది చెప్త: "ట్రాఫిక్ తగ్గాలంటే రోడ్లు వెడల్పు చేయాలని కొందరంటరు, బస్సులు రైళ్ల మీద ఖర్చు పెట్టాలని ఇంకొందరంటరు. రెండు వాదనలు చర్చించి నీ అభిప్రాయం చెప్పు." దీంట్ల మూడు పనులున్నయి, మొదటి వాదన, రెండో వాదన, నీ అభిప్రాయం. అక్క ఎస్సే "ఇన్ టుడేస్ మోడరన్ వరల్డ్" అని మొదలైంది. ముందే బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు అయినంక ట్రాఫిక్ వల్ల వచ్చే కష్టాలు వచ్చినయి. పొగ, ఆలస్యం, ప్రమాదాలు. అవి అడగనే లేదు. రోడ్ల వాదనకు రెండు వాక్యాలే. సొంత అభిప్రాయం ఆఖరి పేరాల, ఆఖరి వాక్యంల, "రెండూ ముఖ్యమే" అని. అది అభిప్రాయం లెక్కకు రాదు.

పేరాల లోపట సంగతి చూడు. బస్సుల గురించి రాసిన పేరాను తెలుగుల చెప్తే ఇట్లుంటది: "ముందుగా, ప్రజా రవాణా కాలుష్యం తగ్గిస్తది. అంతేగాక డబ్బు ఆదా అయితది. ఇంకా ఆరోగ్యానికి మంచిది. దీనితోపాటు ఉద్యోగాలు వస్తయి. ఉదాహరణకు ఒక సర్వే ప్రకారం 70 శాతం మంది బస్సులు కోరుకుంటున్నరు." ఐదు వాక్యాలు, నాలుగు పాయింట్లు, ఒక్కదానికి వివరణ లేదు. ఆ సర్వే ఎక్కడా లేదు. బ్యాండ్ 5 వరుసల ఉన్న మాట ఇదే, ఆలోచనలు ముందు పెట్టిండు కని అవి సరిపోయేంత పెరగలేదు అని.

రెండోసారికి అదే పేరా ఇట్ల మారింది: "రోడ్డు వెడల్పు చేస్తే కొంతకాలం బండ్లు సాఫీగా పోతయి. ప్రయాణం సులువైంది గదా అని బస్సెక్కేటోళ్లు కూడా సొంత బండి తీస్తరు, ఉన్న జాగ మళ్లీ నిండుతది. మా ఊళ్లె మెయిన్ రోడ్డు పెద్దగ చేసినంక అంచున ఉన్న జాగంత పార్కింగ్ అయింది, నడిచే బండ్లకు మిగిలింది మునుపటంతనే. ఒక బస్సు నలభై మందిని తీసుకపోతే ఆ నలభై మంది బండ్లకు కావాల్సిన జాగ రోడ్డు మీద మిగుల్తది, అందుకే ఈ ఖర్చే ఎక్కువ కాలం పనికొస్తది." ఒక్కటే పాయింట్. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు, దానికి కండ్ల ముందటి ఉదాహరణ, మళ్లీ ప్రశ్నకు ముడి. ఉదాహరణల హన్మకొండ చౌరస్తా పేరు రాయాల్సిన పని లేదు. పేపర్ దిద్దేటాయనకు మన చౌరస్తా తెల్వదు. "మా ఊళ్లె" అంటే చాలు.

అభిప్రాయం మొదటి పేరాలనే ఒక వాక్యంల చెప్పాలె, ఆఖరుల అదే మాట వేరే పదాలతో రావాలె. నడుమ పేరాలు ఆ మాటకు ఎదురు పోవద్దు.

రెండోది టాస్క్ 1, అంటే చార్టు చూసి రాసుడు. అక్క చార్టుల ఉన్న ప్రతి అంకె రాసింది, మొత్తం మీద ఏం జరిగిందో మాత్రం రాయలే. ఒక ఊరి నీళ్ల వాడకం చార్టు అనుకో. 2000ల వ్యవసాయం 60 శాతం, ఇండ్లు 20, ఫ్యాక్టరీలు 20. 2020ల 45, 35, 20. ఓవర్‌వ్యూ అంటే అంకె లేని రెండు వాక్యాలు: "మొత్తం మీద వ్యవసాయం వాటా తగ్గింది, ఇండ్ల వాటా పెరిగింది, ఫ్యాక్టరీలది కదలలేదు. అయినా ఆఖరుదాక పెద్ద వాటా వ్యవసాయానిదే." ఇవి ఇంట్రడక్షన్ అయినంక వెంటనే రాసుడు మంచిది, టైం అయిపోయినా మిస్ కావు. అంకెలు కింద పేరాలల్ల వస్తయి. ఎందుకు తగ్గింది, వానలు పడలేదా అని కారణాలు రాయకు. చార్టుల లేనిది రాయొద్దు.

మూడోది టైం. టాస్క్ 1కు సగం గంట పోయింది, టాస్క్ 2కు సగం గంటే మిగిలింది, తప్పులు చూసుకునే టైం దొరకలే. 20, 40గ పంచుకో. ఆ 40ల మొదటి ఐదు నిమిషాలు రాయకు, ప్రశ్నల ఎన్ని పనులున్నయో లెక్కపెట్టి ఒక్కో పనికి ఒక్కో పాయింట్ పెట్టుకో. ఆఖరి ఐదు నిమిషాలు తప్పులకు.

రెండోసారి రైటింగ్ 6.5 వచ్చింది. మిగతా మూడు అవే. ఏదన్న అర్థం కాకుంటే ఫోన్ చెయ్యి.

నీ అన్న

---

కరీంనగర్_రాజు

ఉత్తరం బాగుంది అన్నా, కానీ నాకు ఫార్మాట్ డౌట్ ఉంది. పైన అడ్రస్, తేదీ రాయాలా? "తమ్మీ" అని మొదలుపెడితే ఇన్‌ఫార్మల్ అవుతుంది కదా, మార్కులు తగ్గుతాయా? నాకు వచ్చే నెల పరీక్ష, కెనడా పీఆర్ కోసం.

---

సుబేదారి_సారు

రాజు గారూ, మీరు రాసేది జనరల్ ట్రైనింగ్ రకం పరీక్ష. దాంట్లో టాస్క్ 1 ఉత్తరమే, అందుకే మీకు అట్ల అనిపించింది. ఇక్కడిది నిజంగనే ఇంటి ఉత్తరం, పరీక్ష జవాబు కాదు. మీ ప్రశ్నకు జవాబు: అడ్రస్ రాయనక్కర లేదు, ప్రశ్నలోనే ఆ మాట ఉంటుంది. దోస్తుకు రాయమంటే ఇన్‌ఫార్మల్‌గా రాయాలి, మేనేజర్‌కు రాయమంటే ఫార్మల్‌గా. మార్కులు తగ్గేది ఆ రెండూ కలిసిపోయినప్పుడు. ప్రశ్నలో మూడు పాయింట్లు ఇస్తారు, మూడింటికీ జవాబు ఉండాలి. చాలామంది మూడోదాన్ని ఒక్క వాక్యంలో ముగిస్తారు, చూసుకోండి. టాస్క్ 2 గురించి పైన ఉన్నదంతా మీకూ వర్తిస్తుంది.

ఇక ఉత్తరం సంగతి. నేను చాలా ఏండ్లుగా రైటింగ్ చెప్తున్న, విషయం సరిగ్గనే పట్టుకున్నరు. ఒక మాట చేర్చండి. రైటింగ్‌లో నాలుగు అంశాలకు సమాన వెయిటేజీ. ప్రశ్నకు జవాబు ఒకటి, వరుస ఒకటి, పదాలు ఒకటి, గ్రామర్ ఒకటి. మీ ఉత్తరమంతా మొదటిదాని మీదనే ఉంది. మన పిల్లలు గ్రామర్‌లో ఎక్కడ పడుతరో చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

మన దగ్గర పదే పదే వచ్చేవి మూడు. మొదటిది "ఎ", "ద" వదిలెయ్యడం, లేదా అక్కర లేని చోట పెట్టడం. రెండోది "ఇన్ఫర్మేషన్స్", "ఎక్విప్‌మెంట్స్", "అడ్వైసెస్" అని చివర ఎస్ తగిలించడం. మూడోది పెద్దది, వాక్యం ముగియదు. తెలుగులో "పోయి, చూసి, కొని, వచ్చి" అని ఒకే వాక్యంలో ఎంతదూరమైనా పోవచ్చు. అదే అలవాటుతో ఇంగ్లిష్‌లో రెండు పూర్తి వాక్యాల మధ్య కామా పెట్టి ముందుకు పోతారు. అక్కడ ఫుల్‌స్టాప్ ఉండాలి, లేదా "బికాజ్", "సో" లాంటి మాట ఉండాలి. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎస్సే అంతా చదవకండి. ప్రతి కామా దగ్గర ఆగి, రెండు పక్కలా పూర్తి వాక్యాలున్నయా చూడండి. అంత చేస్తే చాలు.

---

కాజీపేట_జంక్షన్

మంచి పోస్ట్. కాని కొన్ని అసలు పాయింట్లు మిస్ అయ్యాయి. టాస్క్ 2కు రెండింతల మార్కులు కాబట్టి ఎప్పుడైనా ముందు టాస్క్ 2 రాయాలి, ఇది రూల్. ఇంకోటి, 250 పదాలు మినిమం మాత్రమే, ఎగ్జామినర్‌ను ఇంప్రెస్ చేయాలంటే 350 దాటాలి. ప్రతి వాక్యం ముందు ఒక లింకింగ్ వర్డ్ ఉండాలి, "మోరోవర్", "ఫర్దర్‌మోర్", "నెవర్‌దిలెస్" లాంటివి. కంప్యూటర్‌లో రాస్తే పదాల లెక్క స్క్రీన్ మీదే కనిపిస్తుంది, అందుకే కంప్యూటర్ బెస్ట్.

---

సుబేదారి_సారు

పదాల లెక్క కనిపిస్తుంది, నిజమే. కట్, కాపీ, పేస్ట్ కూడా పనిచేస్తాయి, పేరా ఎత్తి ఇంకో చోట పెట్టుకోవచ్చు. స్పెల్లింగ్ తప్పుకు మాత్రం ఎర్ర గీత రాదు. ఇంట్లో వర్డ్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్లు ఆ ఎర్ర గీతకు అలవాటు పడతారు. నోట్‌ప్యాడ్‌లో చేయండి.

లింకింగ్ వర్డ్స్ మాట మాత్రం తమ్మునికి చేరనీయకండి. పట్టికలో కింది బ్యాండ్ల దగ్గర ఈ మాటలను యాంత్రికంగా వాడటం గురించే తప్పు పట్టారు. పైన అక్క పాత పేరా చూడండి, "ముందుగా, అంతేగాక, ఇంకా, దీనితోపాటు". నాలుగు మాటలూ ఒకటే పని చేస్తున్నయి, ఇంకో పాయింట్ వచ్చిందని చెప్తున్నయి. పాయింట్ల మధ్య సంబంధం లేదు. కొత్త పేరాలో ఒక్క "అందుకే" తప్ప అట్లాంటి మాట లేదు, అయినా వాక్యం వెంట వాక్యం నడిచింది. వరుస అంటే అది.

350 పదాల సంగతి. ఎక్కువ రాస్తే మార్కు కోయరు. కానీ 40 నిమిషాల్లో 350 రాసే పిల్లకు చూసుకునే టైం ఉండదు, తప్పులు పెరుగుతయి. 270, 290 మధ్య ఆగితే రెండు పేరాలు నిండుగా వస్తయి.

---

కాజీపేట_జంక్షన్

సరే, లింకింగ్ వర్డ్స్ ఒప్పుకుంటా. టాస్క్ 2 ముందు రాయాలన్నది తప్పు అంటారా?

---

సుబేదారి_సారు

తప్పు అనను, రూల్ అనను. ఏది ముందైనా రాయొచ్చు. టాస్క్ 1 మీద ప్రతిసారి టైం దాటేవాళ్లకు మీ పద్ధతి మంచిది. కానీ టాస్క్ 2 మీద కూర్చుంటే లేవలేని పిల్లలు ఉంటారు, వాళ్లకు టాస్క్ 1కు పది నిమిషాలు మిగిలి 150 పదాలు కూడా పడవు. ఇంట్లో రెండు విధాలా రాసి చూసుకోవాలి.

---

కాకతీయ_చదువరి

అక్క టాస్క్ 1 ముందే రాసింది, రెండోసారి గూడ. 20 నిమిషాలు కాంగనే వాక్యం నడుమ ఉన్నా ఆపి టాస్క్ 2కు పోయింది. ఓవర్‌వ్యూ పైన్నే ఉన్నది కాబట్టి నష్టం కాలే. నా లెక్కన ఏది ముందు అన్నదానికంటే ఆపుడే ముఖ్యం.

---

జమ్మికుంట_చందన

ఒక ప్రశ్న అడగొచ్చా? రిజల్ట్‌లో కారణం రాయరని మీరే అన్నారు. మరి బట్టీ పట్టిన టెంప్లేట్ వల్లనే 5.5 వచ్చిందని ఎట్లా తెలుసు? ఆ రోజు స్పెల్లింగ్ తప్పులు ఎక్కువ పోయి ఉండొచ్చు కదా. రెండోసారి ప్రశ్న సులువుగా వచ్చి ఉండొచ్చు కూడా. నేను మా బ్యాచ్‌లో అందరికీ ఈ ఉత్తరం చూపిద్దామనుకుంటున్నా, అందుకే అడుగుతున్నా.

---

కాకతీయ_చదువరి

మంచి ప్రశ్న అడిగినవమ్మ. నూటికి నూరు పాళ్లు తెలిసే దారి లేదు. ఇంట్ల మళ్లీ రాసిన కాగితాలల్ల స్పెల్లింగ్ తప్పులు అక్కడొకటి ఇక్కడొకటే ఉండె. కని అడగని సంగతి రాసుడు, అభిప్రాయం ఆఖరుల పెట్టుడు, ఓవర్‌వ్యూ లేకపోవుడు ప్రతి కాగితంల ఉండె. పరీక్షల గూడ అట్లనే జరిగి ఉంటదని అనుకున్నం. ప్రశ్న సులువైందా అంటే నేను చెప్పలేను. ఉత్తరంల "ఇదే కారణం" అన్నట్టు ఉన్నకాడ "ఇవి పదే పదే కనబడ్డయి" అని మారుస్త.

---

సుబేదారి_సారు

చందన అడిగింది సరైన మాట. ఇంకోటి కూడా గుర్తు పెట్టుకోవాలి. 5.5కు, 6.5కు నడుమ మారింది ఎస్సే ఒక్కటే అని చెప్పలేము, టాస్క్ 1 కూడా మారింది. ఏది ఎంత తెచ్చిందో విడదీసి చూపరు. అయితే టెంప్లేట్ గురించి ఒక సంగతి గట్టిగా చెప్పొచ్చు. బట్టీ పట్టిన వాక్యాలను గుర్తుపట్టేటట్టు ఎగ్జామినర్లకు శిక్షణ ఇస్తారు, ఆ వాక్యాలకు విలువ ఇవ్వరు. నాలుగు వాక్యాల ఇంట్రడక్షన్ బట్టీదే అయితే అరవై డెబ్బై పదాలు వృథా. పైగా చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. టెంప్లేట్ వాక్యాలు నున్నగా ఉంటయి, ఆ వెంటనే వచ్చే సొంత వాక్యంలో "ద" ఉండదు, వెర్బ్ తప్పుంటుంది. రెండూ ఒకే మనిషి రాసినవి కావని మొదటి పేరాలోనే బయటపడుతుంది.

ఇంట్రడక్షన్‌కు రెండు వాక్యాలు చాలు. ప్రశ్నను మన మాటల్లో ఒకటి, మన అభిప్రాయం ఒకటి.

---

ఓరుగల్లు_సిస్టర్

నేను ఎంజీఎం దగ్గర ప్రైవేట్ హాస్పిటల్‌ల స్టాఫ్ నర్స్. నాకు లిసనింగ్ 7, రీడింగ్ 7, స్పీకింగ్ 7, రైటింగ్ 6 వచ్చింది. యూకే నర్సింగ్‌కు పోవాలె. రైటింగ్ ఒక్కటే మళ్లీ రాయొచ్చు అంటున్నరు, నిజమేనా? రీచెకింగ్ పెడితే పెరుగుతదా?

---

కాజీపేట_జంక్షన్

సిస్టర్, నర్సులకు నాలుగింటిలో 7 రావాలి. మీకు రైటింగ్ 6 కాబట్టి మొత్తం ఒక బ్యాండ్ తక్కువ. హెల్త్ ఉద్యోగాలవాళ్ల ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ రాయండి, అది హాస్పిటల్ సబ్జెక్ట్ కాబట్టి సులువు.

---

సుబేదారి_సారు

ఒకప్పుడు అట్లనే ఉండేది. 2018 చివర నుంచి యూకేలో నర్సులను రిజిస్టర్ చేసే ఎన్‌ఎంసీ రైటింగ్‌కు 6.5 ఒప్పుకుంటున్నది, మిగతా మూడింటికి 7. అంటే సిస్టర్‌కు తక్కువైంది అర బ్యాండే.

రీచెకింగ్‌కు పరీక్ష రోజు నుంచి ఆరు వారాల లోపు పెట్టుకోవాలి, స్కోరు మారితే కట్టిన ఫీజు వాపసు ఇస్తారు. ఇంకో సీనియర్ ఎగ్జామినర్ మళ్లీ దిద్దుతారు. మీరు రాసిందాంట్లో ఓవర్‌వ్యూ ఉండి, ప్రశ్నలోని అన్ని పనులు చేసి, టైం సరిపోయి, మాక్‌లలో 6.5, 7 వస్తూ ఉంటే పెట్టడంలో అర్థం ఉంది. ఆఖరి పేరా రాయకుండా టైం అయిపోయి ఉంటే పెట్టకండి.

ఒక్క రైటింగే మళ్లీ రాసేదాన్ని వన్ స్కిల్ రీటేక్ అంటారు. కంప్యూటర్ మీద రాసినవాళ్లకే ఉంటుంది, మొదటి పరీక్ష నుంచి 60 రోజుల లోపు రాయాలి, ఒకసారే, ఒక స్కిల్‌కే. అది రాస్తే కొత్త స్కోరు కాగితం వస్తుంది. కానీ దాన్ని అందరూ ఒప్పుకోరు. డబ్బు కట్టే ముందు ఎన్‌ఎంసీ వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్ పేజీ చదవండి. రెండు పరీక్షల స్కోర్లు కలిపి చూపే వీలు గురించి కూడా అక్కడే ఉంటుంది, మీ కేసుకు అది పనికిరావచ్చు. యూనివర్సిటీకి పోయేవాళ్లు అడ్మిషన్స్‌కు మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్‌లో "నడుస్తది" అన్న మాట మీద పోవద్దు.

ఓఈటీ సులువన్న మాట ఒప్పుకోను. దాని రైటింగ్‌లో కేస్ నోట్స్ ఇస్తారు, అందులో ఏది అవసరమో ఏరి రెఫరల్ లెటర్ రాయాలి. వార్డులో హ్యాండోవర్ రాసే అలవాటు ఉన్నవాళ్లకు దగ్గరగా ఉంటుంది. నోట్స్ అంతా ఎత్తి రాసేవాళ్లకు అక్కడా ఇదే కథ.

---

ఓరుగల్లు_సిస్టర్

థాంక్స్ సర్. నాకు టాస్క్ 2 ఆఖరి పేరా సగంల ఆగింది. రీచెకింగ్ పెట్టను. అయితే నైట్ డ్యూటీల నడుమ ఎట్ల ప్రాక్టీస్ చేయాలె? గంట ఒకేసారి దొరకది.

---

కాకతీయ_చదువరి

అక్క గూడ ఉద్యోగం చేసుకుంట చదివింది సిస్టర్. గంట దొరకని రోజు ఎస్సే రాయలే. ఒక ప్రశ్న తీసుకొని ఐదు నిమిషాల ప్లాన్ మాత్రం రాసేది. ప్రశ్నల ఎన్ని పనులు, నా అభిప్రాయం ఒక వాక్యం, ఒక్కో పేరాకు ఒక పాయింట్, ఒక ఉదాహరణ. ఇంతే. ఇంకో రోజు ఆ ప్లాన్‌లకెల్లి ఒక్క పేరా, పన్నెండు నిమిషాలల్ల. పూర్తి గంట పరీక్ష సెలవు రోజు. రాసిన ప్రతి దాని కింద ఎర్ర పెన్నుతో మూడే తప్పులు రాసుకునేది, సారు పైన చెప్పిన ఆ మూడు రకాలల్ల ఏదో. కొన్ని వారాలకు "ఎస్" తప్పు పోయింది. కామా తప్పు ఆఖరుదాక పూర్తిగ పోలే.

---

జమ్మికుంట_చందన

దిద్దేవాళ్లు ఎవరు? మా ఊళ్లో ఎస్సే చూపెట్టడానికి ఎవరూ లేరు. కోచింగ్‌లో ఎస్సే మీద టిక్కు పెట్టి "గుడ్" అని ఇస్తారు.

---

సుబేదారి_సారు

గ్రామర్‌కు ఎవరైనా ఇంగ్లిష్ లెక్చరర్ చాలు. ప్రశ్నకు జవాబు వచ్చిందా లేదా చూడటానికి ఇంగ్లిష్ పండితుడు అక్కర లేదు. ప్రశ్న దాచిపెట్టి ఎస్సే ఒక్కటే మీ దోస్తుకు ఇయ్యండి, ప్రశ్న ఏమై ఉంటుందో చెప్పమనండి. "ట్రాఫిక్ గురించి ఏదో" అంటే జవాబు పక్కకు పోయినట్టు. "రోడ్లా బస్సులా అని అడిగిండ్రు, నువ్వు బస్సులన్నవు" అంటే కుదిరింది. టాస్క్ 1కు కూడా అంతే. చార్ట్ చూపకుండా ఓవర్‌వ్యూ చదివి వినిపించి, గీతలు ఎటు పోయినయో గాలిలో గీయమనండి.

---

జమ్మికుంట_చందన

ఇప్పుడే రాసిన పేరా పెడుతున్నా, తెలుగులో భావం మాత్రం. ప్రశ్న: పిల్లలకు బడిలో వంట నేర్పాలా, ఇది ఇంటి పనేనా, రెండు వాదనలు చెప్పి మీ అభిప్రాయం రాయండి. నా పేరా: "బడిలో నేర్పితే ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి నేర్చుకుంటారు. ఇంట్లో చాలామంది తల్లులు కూతుళ్లకే నేర్పుతారు, కొడుకులను వంటింట్లోకి రానివ్వరు. ఈ రోజుల్లో బయటి తిండి వల్ల రోగాలు పెరుగుతున్నాయి. మా బడిలో సైన్స్ సార్ అందరితో పప్పు వండించినప్పుడు అబ్బాయిలే ముందు నిలబడ్డారు. కాబట్టి బడి ఈ తేడా తగ్గిస్తుంది."

---

సుబేదారి_సారు

బాగుంది. మూడో వాక్యం తీసెయ్యండి. రోగాల మాట ఇంకో పాయింట్, ఈ పేరాలో దాని వెనకా ముందూ ఏమీ లేదు. అది తీస్తే తల్లులు కొడుకులను రానివ్వరన్న వాక్యం నేరుగా అబ్బాయిలు ముందు నిలబడ్డ వాక్యానికి తగులుతుంది. దాని తర్వాత, ఎందుకు ముందు నిలబడ్డారో ఒక వాక్యం రాయండి. ఇంట్లో అవకాశం లేకనా, సార్ చెప్పినందుకా? అది రాస్తే పేరా నిండుతుంది.

---

కాకతీయ_చదువరి

సారు, ఈ ప్రశ్న దాచిపెట్టే పద్ధతి ఉత్తరంల చేరుస్తున్న, కామా దగ్గర ఆగి చూసుడు గూడ. టాస్క్ 2 ముందా వెనకనా అన్నది తమ్మున్నే రెండు తీర్ల రాసి చూసుకోమంట. ఇయ్యాల రాత్రికి పంపిస్త. చందనా, పేరా మార్చినంక మళ్లీ ఇక్కడ పెట్టమ్మా.